తలుపు తెరుచుకునే దాకా డబ్బు ఎవరి దగ్గరుంది?

డిసెంబరు చివరి వారంలో హైదరాబాద్ నుంచి రెండు కుటుంబాలు గోవా బయల్దేరుతున్నాయనుకుందాం. పెద్దవాళ్లు తొమ్మిది మంది, పిల్లలు ఇద్దరు, మూడు రాత్రులు. హోటల్లో ఐదు గదులు తీసుకునే బదులు ఒకే విల్లా తీసుకుంటే అందరూ ఒకచోట ఉంటారు, వంటగది ఉంటుంది, పిల్లలకు పూల్ ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది. అస్సగావ్‌లో నాలుగు బెడ్‌రూమ్‌ల విల్లా, ప్రైవేట్ పూల్, రాత్రికి 11,500 రూపాయలు. వాట్సాప్‌లో అడిగిన పది నిమిషాలకే ఇరవై ఫొటోలు, రంగురంగుల పీడీఎఫ్ ఒకటి వచ్చేస్తాయి. వాటి వెనకే ఇంకో మాట: "మీ డేట్స్‌కే ఇంకో ఫ్యామిలీ అడుగుతోంది సర్, సగం అడ్వాన్స్ వేస్తే బ్లాక్ చేస్తా."

మూడు రాత్రులకు 34,500. అందులో సగం, 17,250 వెళ్తుంది. మర్నాడు "రిఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్" పేరుతో 10,000 అడుగుతారు. ఎలాగూ తిరిగొచ్చేదే కదా అని అదీ వెళ్తుంది. ఆ తర్వాత జీఎస్టీ 18 శాతం, 6,210 రూపాయలు. లెక్క సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే రోజుకు 7,500 దాటిన బసకు పన్ను 18 శాతమే. అందుకే అనుమానం రాదు. చివరికి "పేమెంట్ రెండు ముక్కలుగా వచ్చింది, సిస్టమ్ తీసుకోలేదు, అదే 6,210 మళ్లీ వేయండి, మొదటిది ఆటోమేటిగ్గా రిఫండ్ అవుతుంది" అంటారు. ఇంతవరకు వచ్చేసరికి 39,670 రూపాయలు పోయాయి. మొత్తం అద్దె కంటే ఎక్కువ.

ఈ వరుసలో ఆగాల్సిన చోటు మూడో పేమెంటో నాలుగో పేమెంటో కాదు. మోసమంతా ఒక్క పని మీదే నడుస్తుంది: ఇంటి తలుపు తెరుచుకోకముందే డబ్బు చేతులు మారాలి. ప్రకటన, రూల్స్, డిపాజిట్, తాళం ఇచ్చే పద్ధతి, వీటిలో దేన్ని చూసినా "ఈ క్షణంలో నా డబ్బు ఎవరి దగ్గరుంది, ఇల్లు లేదని తేలితే దాన్ని వెనక్కి లాగే దారి ఏది?" అన్న ప్రశ్నతోనే చూడాలి.

మధ్యలో డబ్బు పట్టుకునేవాళ్లు

ఎయిర్‌బీఎన్‌బీ లాంటి ఆన్‌లైన్ బుకింగ్ వేదికలు తీసుకునే ఫీజుకు బదులుగా చేసే అసలు పని ఇదే. అతిథి సాధారణంగా బుకింగ్ నాడే చెల్లిస్తాడు. ఆ డబ్బు ఇంటి యజమానికి మామూలుగా చెక్-ఇన్ అయిన సుమారు 24 గంటల తర్వాతే విడుదలవుతుంది. ఇల్లు లేకపోయినా, చెప్పినట్టు లేకపోయినా, ఆ సంగతి తెలిసిన 72 గంటల్లోగా ఫిర్యాదు పెట్టాలి. అయితే విడుదలయ్యేది 24 గంటలకే కాబట్టి, మొదటి రాత్రే చెప్పినవాళ్ల మాటకు బలం ఎక్కువ. "రేపు చూద్దాంలే" అని పడుకుంటే డబ్బు అవతలి ఒడ్డుకు చేరిపోతుంది.

అందుకే మోసగాడికి ఈ వేదిక అడ్డు. అతను అక్కడే ప్రకటన పెట్టినా, మాట కలిసీ కలవగానే "డైరెక్టుగా చేస్తే 15 శాతం తగ్గిస్తా, ఆప్ ఫీజు మనకెందుకు" అంటూ వాట్సాప్‌కు లాగుతాడు. నిజమైన యజమానులూ ఒక్కోసారి ఇదే మాట అంటారు, ఫీజు వాళ్లకూ భారమే మరి. కానీ అన్నది ఎవరైనా, బయటికి వచ్చిన క్షణం నుంచి మధ్యలో డబ్బు పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ 15 శాతం ఆ కాపలా ఖరీదు.

బుకింగ్.కామ్‌లో పద్ధతి ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. కొన్నింటికి వేదికే డబ్బు తీసుకుంటుంది, కొన్నింటికి ఇంటివాళ్లే తీసుకుంటారు. కన్ఫర్మేషన్‌లో ఎవరు, ఎప్పుడు వసూలు చేస్తారో రాసి ఉంటుంది, ఆ వాక్యం వెతికి చదవాలి. ఇలాంటి వేదికల్లో 2023 నుంచి బాగా కనిపిస్తున్న ఇంకో తరహా మోసం ఉంది. ఇల్లు నడిపేవారి లాగిన్ దొంగల చేతికి పోతుంది. ఆప్‌లోని అసలు చాట్‌లోనే, మీ పేరు, తేదీలతో సహా, "కార్డు వెరిఫై కాలేదు, 12 గంటల్లో ఈ లింకులో చేయకపోతే బుకింగ్ రద్దు" అని మెసేజ్ వస్తుంది. చాట్ నిజమైనదే, లింకే దొంగది. డబ్బు చెల్లించే బటన్ ఆప్‌లో బుకింగ్ పేజీలో ఉండాలి తప్ప చాట్‌లో వచ్చిన లింకులో కాదు.

లింకు అసలుదో కాదో తేల్చుకోవాలంటే అడ్రసును కుడి నుంచి చదవాలి. `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి రెండు ముక్కలే సైటు అసలు పేరు.

```
https://airbnb.com.goa-stay.example/rooms/4821
```

ఇందులో ముందు కనిపించే పేరు అలంకారం మాత్రమే, సైటు `goa-stay.example`. చివర `.co.in`, `.ap.gov.in` లాంటివి ఉంటే వాటికి సరిగ్గా ఎడమ పక్కనున్న ముక్కను కూడా కలిపి చదవాలి. తిరుమల గదుల పేరుతో వెలిసే నకిలీ సైట్లనూ ఇలాగే పట్టుకోవచ్చు. అసలుది `ttdevasthanams.ap.gov.in`. దాన్ని పోలిన పేరుకు `.org`, `.in` తగిలించినంత మాత్రాన అది దేవస్థానానిది అయిపోదు. యాత్రికులను, పర్యాటకులను లక్ష్యంగా చేసుకుని నకిలీ సైట్లు, గూగుల్ ప్రకటనలు, వాట్సాప్ ఖాతాలతో గెస్ట్‌హౌస్ బుకింగ్ మోసాలు జరుగుతున్నాయని కేంద్ర హోంశాఖ కింద సైబర్ నేరాలపై పనిచేసే ఐ4సీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది కూడా. వెతుకులాటలో అన్నిటికంటే పైన కనిపించేది డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన కావచ్చు.

ఫొటోలు చూడటం వేరు, పరీక్షించడం వేరు

వేదిక లేకుండా నేరుగా మాట్లాడుకునే బుకింగులన్నీ మోసం అనుకోకూడదు. గోవాలోని విల్లాలు, కూర్గ్ ఎస్టేట్ ఇళ్లు, అరకు, లంబసింగి వైపు హోమ్‌స్టేలు చాలావరకు వాట్సాప్, యూపీఐల మీదే నడుస్తున్నాయి. అక్కడ మధ్యవర్తి చేసే పనిని అతిథే చేసుకోవాలి.

ముందు ధర. అదే తేదీలకు, అదే ఊళ్లో, అన్నే గదులున్న ఇళ్లు నాలుగింటిని ఏదైనా వేదికలో పన్నులతో కలిపి చూడాలి. అవి 28 వేల నుంచి 40 వేల దాకా ఉండి, ఇది మాత్రం పదకొండున్నర వేలైతే, ఆ తేడాకు కారణం ఉండాలి. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి మధ్య వారంలో అడిగినంత వచ్చే ఇంటిని మూడో వంతుకు ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఆఫ్ సీజన్‌లో, అంటే జూన్, జులై వానల్లో, ఇదే తేడా పెద్దగా అనుమానించాల్సింది కాదు.

తర్వాత ఫొటోలు. గూగుల్ లెన్స్‌లో వేసేటప్పుడు మొత్తం ఫొటో కాకుండా పూల్, మెట్లు, ముందరి తలుపు లాంటి ఒక్కో భాగాన్ని కత్తిరించి వెతికితే ఫలితం బాగుంటుంది. దొంగలు ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేసి పెడతారు, అలా తిప్పితే వెతుకులాటకు చిక్కదని. కాబట్టి ఫోన్ గ్యాలరీలో ఎడమ కుడి మార్చి ఇంకోసారి వెతకాలి. అదే ఇల్లు ఇంకో పేరుతో, ఇంకో ఊళ్లో తేలిందంటే ఇక మాట్లాడటానికేమీ లేదు. ఎక్కడా దొరక్కపోయినా నిజమని తేలినట్టు కాదు. ఒక గది కిటికీలోంచి కొబ్బరి తోట, అదే అంతస్తులోని పక్క గదిలోంచి అపార్ట్‌మెంట్ గోడ కనిపిస్తుంటే, రెండు మూడు ఇళ్ల ఫొటోలు కలిపి కుట్టారన్నమాట.

వేదికలో ఉన్న ఇల్లయితే రివ్యూల సంఖ్య కన్నా వాటిలోని విషయం ముఖ్యం. గోవా విల్లాకు వచ్చిన పాత రివ్యూల్లో "మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాలు" అని ఉంటే, ఎవరిదో ఖాతా కొల్లగొట్టి కొత్త ప్రకటన తగిలించారని అర్థం.

అన్నిటికంటే పనికొచ్చేది వీడియో కాల్. అది కూడా వాళ్లు చూపించింది చూడటం కాదు, మనం అడిగింది చూపించమనడం. ఫోన్‌ను రోడ్డు మీద నుంచి మొదలుపెట్టి, కట్ చేయకుండా గేటు, నేమ్‌బోర్డు, కరెంటు మీటరు, హాలు, వంటగదిలో కుళాయి తిప్పడం దాకా చూపించమనాలి. రోడ్డు మీది దృశ్యాన్ని గూగుల్ స్ట్రీట్ వ్యూతో పోల్చుకోవచ్చు. "ఇప్పుడు గెస్టులు ఉన్నారు" అనేది న్యాయమైన జవాబే. అలాంటప్పుడు రేపు చెకౌట్ అయ్యాక పదకొండున్నరకు చూపించమనాలి. ఆ మర్నాడు కూడా కుదరకపోతే ఆ ఇల్లు వాళ్ల చేతిలో లేదు.

ఈ పరీక్షకూ ఒక లోపం ఉంది. ఒక రాత్రికి ఆ విల్లాను అద్దెకు తీసుకున్నవాడు కూడా వీడియో కాల్‌లో అంతా చూపించగలడు. కేర్‌టేకర్‌ను మంచి చేసుకున్న బ్రోకరు ఒకే తేదీలను ముగ్గురికి అమ్మగలడు. ఇల్లు నిజం, మనిషి నిజం, హక్కే లేదు. దీన్ని పట్టించేది డబ్బు వెళ్లే ఖాతా పేరు.

యూపీఐలో నంబరు కొట్టినా, క్యూఆర్ స్కాన్ చేసినా, పిన్ అడగక ముందే బ్యాంకులో నమోదైన ఖాతాదారు పేరు తెర మీద వస్తుంది. ఫోన్లో మనం సేవ్ చేసుకున్న పేరు కాదు, ప్రొఫైల్‌లో వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, బ్యాంకు పేరు. దాన్ని పీడీఎఫ్‌లోని విల్లా పేరుతో, వేదికలో హోస్ట్ పేరుతో, గూగుల్ మ్యాప్స్‌లోని పేరుతో పోల్చాలి. కలవకపోతే అడగాలి. "భార్య పేరు మీద ఉంది" అన్నారంటే, ఇంటి కరెంటు బిల్లు ఆ పేరుతో పంపమనవచ్చు. "అది మా అకౌంటెంట్ ఖాతా", "కంపెనీ ఖాతా ఇవాళ పనిచేయట్లేదు" అన్నారంటే అక్కడితో ఆపేయాలి.

జీఎస్టీ వసూలు చేస్తామన్నవాళ్లకు జీఎస్టీ నంబరు ఉండి తీరాలి. దానిలో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: గోవాకు 30, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. అందులో నాలుగోది, అంటే మొత్తం నంబరులో ఆరోది, ఖాతా ఎవరిదో చెబుతుంది: వ్యక్తిదైతే P, కంపెనీదైతే C, భాగస్వామ్య సంస్థదైతే F. గోవా ఇంటికి ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పి 07తో మొదలై ఆరో అక్షరం P ఉన్న నంబరు ఇస్తే, అది ఢిల్లీలో ఎవరో వ్యక్తిది. `services.gst.gov.in`లో సెర్చ్ టాక్స్‌పేయర్ దగ్గర నంబరు వేస్తే అసలు పేరు, వ్యాపారం పేరు, చిరునామా వస్తాయి, లాగిన్ అక్కర్లేదు. సర్టిఫికెట్ ఫొటో చూసి తృప్తిపడకూడదు, అది ఇంకొకరిది దించుకున్నదే కావచ్చు. చిన్న హోమ్‌స్టేకు టర్నోవరు పరిమితి దాటకపోతే నంబరు ఉండకపోవచ్చు, అది తప్పు కాదు. నంబరు లేకుండా జీఎస్టీ అడగడమే తప్పు. ఇక జీఎస్టీ ఎప్పుడూ బిల్లులో అద్దెతో కలిసి వస్తుంది తప్ప మర్నాడు విడిగా వసూలు చేసేది కాదు.

గోవాలో ఇంకో ఆధారం ఉంది. 1982 నాటి గోవా పర్యాటక వ్యాపార నమోదు చట్టం కింద, పర్యాటకులకు బస ఇచ్చేవాళ్లు పర్యాటక శాఖలో నమోదు కావాలి. ఆ నమోదు నంబరు అడిగితే సరిగా నడిపేవాళ్లు వెంటనే పంపుతారు. నమోదు లేని ఇళ్లూ అద్దెకు తిరుగుతుంటాయి కాబట్టి, లేదంటే మోసమేనని తీర్పు చెప్పలేం. గొడవ వస్తే పర్యాటక శాఖ దగ్గర మాట్లాడటానికి పట్టు తగ్గుతుంది, అంతే.

ఇన్ని దాటాక కూడా అడ్వాన్స్ చిన్నదిగా ఉంచుకోవాలి. ఒక రాత్రి అద్దె మించకుండా ఇచ్చి మిగతాది ఇంట్లోకి వెళ్లాక ఇస్తామంటే, పీక్ సీజన్‌లో కొందరు నిజమైన యజమానులు ఒప్పుకోరు. అప్పుడు కార్డుతో చెల్లించే లింకు అడగాలి. కార్డు మీద చెల్లించిన సేవ అందలేదని బ్యాంకుకు రాసి డబ్బు వెనక్కి తెప్పించే చార్జ్‌బ్యాక్ దారి ఉంది. మన చేత్తో పిన్ కొట్టి ఎవరో వ్యక్తి ఖాతాకు పంపిన యూపీఐకి మామూలుగా అలాంటి దారి లేదు. ఖాతాదారు బాధ్యత గురించి రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన రక్షణ మన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు సంబంధించినది.

రూల్స్‌లో డబ్బు దాక్కునే చోట్లు

హౌస్ రూల్స్ పేజీని చాలామంది ధూమపానం, పెంపుడు జంతువుల గురించేనని దాటేస్తారు. గొడవల్లో ఎక్కువ భాగం పుట్టేది అక్కడున్న మూడు నాలుగు వాక్యాల దగ్గరే.

మొదటిది మనుషుల లెక్క. విల్లాలో నాలుగు గదులున్నాయని ఎనిమిది మందికే అనుమతి ఉండొచ్చు. మన ఉదాహరణలో వెళ్లేది పదకొండు మంది. ఎయిర్‌బీఎన్‌బీలో రెండేళ్లలోపు పిల్లలు లెక్కలోకి రారు, రెండు దాటినవాళ్లు వస్తారు. నేరుగా బుక్ చేసే ఇళ్లలో ఐదేళ్లనో ఎనిమిదేళ్లనో ఎవరి గీత వాళ్లది. ఎనిమిదికి బుక్ చేసి పదకొండు మందితో దిగితే కేర్‌టేకర్ గేటు దగ్గరే తలకు 1,500 చొప్పున అడుగుతాడు, రూల్ అతని వైపే ఉంటుంది. పైగా నిజమైన ఫిర్యాదు ఏదైనా ఉన్నా, ముందు రూల్ తప్పింది మీరేనంటూ వేదిక దాన్ని పక్కన పెట్టగలదు. సంఖ్య, పిల్లల వయసులు ముందే రాతలో చెప్పి, ఎక్స్‌ట్రా బెడ్ ధర రాతలో తెప్పించుకోవాలి.

రెండోది కరెంటు. "ఏసీ రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకే", "రోజుకు 30 యూనిట్లు ఉచితం, పైన యూనిట్‌కు 15 రూపాయలు" లాంటి వాక్యాలు చిన్నగా ఉంటాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ల లోపు తాగుతుంది. నాలుగు ఏసీలు పన్నెండేసి గంటలు నడిస్తే రోజుకు అరవై యూనిట్ల పైమాటే. అంటే ఉచితం పోగా ముప్పై, మూడు రోజులకు తొంభై, దాదాపు 1,350 రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ దిగిన రోజు మీటరు ఫొటో తీసుకోకపోతే ఆ తొంభై యూనిట్లు కాస్తా మూడు వందలవుతాయి, కాదనడానికి చేతిలో ఏమీ ఉండదు. జనరేటరు ఉందంటే దానితో ఏసీలు నడుస్తాయా, లైట్లు ఫ్యాన్లేనా అన్నదీ అడగాలి.

పూల్ వేళలు, వంటగదిలో మాంసాహారం వండొచ్చా, గ్యాస్ సిలిండర్ ఎవరిది, బయటి అతిథులను రానిస్తారా, పెళ్లికాని జంటలకు ఇస్తారా అన్నవి ఇంటికో తీరు. కొన్ని ఇళ్లు స్థానిక చిరునామా ఉన్న గుర్తింపు కార్డును ఒప్పుకోవు, విశాఖవాళ్లు విశాఖలో గది అడిగితే ఎదురయ్యే చిక్కు ఇదే. రాత్రి పది తర్వాత మ్యూజిక్ వద్దన్నది మాత్రం యజమాని చాదస్తం కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఉంది. స్పీకరు పెట్టి పోలీసులు వస్తే డిపాజిట్ ఆశ వదులుకోవాల్సిందే.

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా తగిలే నిబంధన ఒకటుంది. బృందంలో అమెరికా నుంచో బ్రిటన్ నుంచో సెలవులకు వచ్చిన కోడలు, మనవడు ఉంటే, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి వివరాలను బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి. ఆ ఏర్పాటు లేని ఇంటివాళ్లు పాస్‌పోర్టు చూడగానే గుమ్మం దగ్గరే వెనక్కి పంపే ప్రమాదముంది. ఈ సంగతి బుకింగ్‌కు ముందే చెప్పి, సరేనన్న జవాబు చాట్‌లో ఉంచుకోవాలి.

గుర్తింపు కార్డులు అడగడం సహజమే. ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ `myaadhaar.uidai.gov.in`లో దించుకుని ఇవ్వచ్చు. అడ్వాన్స్ కూడా కట్టకముందే పదకొండు మంది ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపమనేవాళ్లకు ఇల్లు లేకపోయినా ఆ కార్డులతో పని ఉంటుంది.

క్యాన్సిలేషన్ రూల్‌లో చూడాల్సింది గడువు ఏ గడియారంతో మొదలవుతుందన్నది. ఎయిర్‌బీఎన్‌బీలో ఫ్లెక్సిబుల్ అంటే చెక్-ఇన్‌కు 24 గంటల ముందు వరకు, మోడరేట్ అంటే ఐదు రోజుల ముందు వరకు పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. 26న మధ్యాహ్నం 2 గంటలకు చెక్-ఇన్ అయితే మోడరేట్ గడువు 21న మధ్యాహ్నం 2తో ముగుస్తుంది, ఆ రాత్రి పన్నెండుతో కాదు.

డిపాజిట్

వేదికలో బుక్ చేసిన ఇంట్లో యజమాని గుమ్మం దగ్గర విడిగా నగదు డిపాజిట్ అడిగితే ముందు ప్రకటనలో ఆ మాట ఉందో లేదో చూడాలి. ఎయిర్‌బీఎన్‌బీలో మామూలు హోస్టులు అలా బయట తీసుకోవడానికి వీల్లేదు. నష్టం జరిగితే చెకౌట్ తర్వాత 14 రోజుల్లోగా వేదిక ద్వారానే అడగాలి. అందువల్ల మన వైపు ఫొటోలనూ కనీసం రెండు వారాలు చెరపకుండా ఉంచుకోవాలి.

నేరుగా తీసుకున్న విల్లాలో డిపాజిట్ మామూలే. దాన్ని ముందుగా పంపకుండా ఇంట్లోకి వెళ్లాక, గదులన్నీ చూసుకున్నాక ఇవ్వాలి. ఇచ్చే ముందు ఒక మెసేజ్ పెట్టి "ఓకే" అనిపించుకుంటే చాలు, కాగితం అక్కర్లేదు: "డిపాజిట్ 10,000 ఇస్తున్నాం. 29వ తేదీ చెకౌట్‌లో కేర్‌టేకర్ ఇల్లు చూసి, మేము బయల్దేరే ముందు ఇదే యూపీఐకి తిరిగి పంపాలి. ఏదైనా తగ్గించాల్సి వస్తే అక్కడే వస్తువు చూపించి, ధర చెప్పాలి." మర్నాడు ఓనర్ చూశాక, మూడు పని దినాల్లో అంటూ వచ్చే జవాబులు ఇక్కడే తేలిపోతాయి. డబ్బు వాళ్ల దగ్గర, మనుషులు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పరుపు మీద మరక ఎవరిదో నిరూపించలేం.

దిగగానే సామాను విప్పకముందు నాలుగైదు నిమిషాల వీడియో ఒకటి తీయాలి. అందంగా ఉన్నవి కాదు, పాడైనవి. పరుపుల దుప్పటి ఎత్తి మరకలు, సోఫా చినుగులు, గాజు గ్లాసుల సంఖ్య, తువ్వాళ్ల సంఖ్య, టీవీ, ఏసీ రిమోట్లు, గీజరు, పూల్ అంచు పలకలు, కరెంటు మీటరు. దాన్ని అప్పటికప్పుడే ఓనరుకు పంపితే తేదీ, సమయం దానంతటవే నమోదవుతాయి. పూల్ దగ్గరికి గాజు సీసాలు తీసుకెళ్లకపోవడం మంచిది. నీళ్లలో గాజు పగిలితే పూల్ మొత్తం ఖాళీ చేసి నింపాల్సి వస్తుంది, డిపాజిట్ మొత్తం పట్టుకోవడానికి అది నిజంగానే సరైన కారణం.

చెకౌట్ పదకొండుకు, విమానం రెండుకు అయితే ఉదయం అందరూ హడావుడిలో ఉంటారు. ఇల్లు చూపించే పని ముందు రాత్రే కేర్‌టేకర్‌తో పూర్తిచేసుకుని, ఉదయం తువ్వాళ్లు, తాళాలు మాత్రమే మిగుల్చుకోవాలి.

గుమ్మం దగ్గర

గోవాలో రెండు విమానాశ్రయాలున్నాయి. ఉత్తరాన మోపా, వాస్కో దగ్గర దాబోలిం. అస్సగావ్ ఇల్లు తీసుకుని దాబోలిం టికెట్ కొంటే రాత్రిపూట రోడ్డు ప్రయాణం బాగా పెరుగుతుంది. రైల్లో అయితే దగ్గరి స్టేషన్ థివిం. మన ఊళ్లో అలవాటైన క్యాబ్ ఆప్‌ల మీద అక్కడ ఆధారపడలేం. స్టాండు ట్యాక్సీ గానీ అక్కడి గోవామైల్స్ ఆప్ గానీ చూసుకోవాలి. ఇదంతా ఇక్కడెందుకంటే, రాత్రి పదకొండుకు పిల్లలతో, సామానుతో, చీకటి సందులో నిలబడ్డ కుటుంబం ఏం చెప్పినా ఒప్పుకుంటుంది. "ఆ విల్లాలో మోటారు పాడైంది సర్, ఇంకో విల్లా ఇస్తాం, అదీ బాగుంటుంది" అనే మార్పిడి ఆ వేళకే జరుగుతుంది. వీలైతే పగటి వెలుగులో చేరేలా చూసుకోవాలి.

ముందు రోజు సాయంత్రం మూడు సంగతులు తేల్చుకోవాలి. లొకేషన్ పిన్, కేర్‌టేకర్ నంబరు, తాళం ఎవరి చేతిలో ఉంటుంది. కేర్‌టేకర్‌కు విడిగా ఫోన్ చేసి "రేపు ఎవరు వస్తున్నారు, ఎంతమంది?" అని అతని నోటే చెప్పించాలి. మన పేరు అతనికి తెలియకపోతే, రద్దు చేసుకోవడానికో ఇంకో బస చూసుకోవడానికో ఒక రాత్రి సమయం మిగులుతుంది. మనిషి లేకుండా కోడ్‌తో తెరిచే లాక్‌బాక్స్ ఉన్న ఇంట్లో, కోడ్ పనిచేయకపోతే ఎవరు వస్తారో, ఎంతసేపట్లో వస్తారో ముందే అడగాలి.

మార్పిడి ఇల్లు నచ్చకపోతే లోపల దిగకుండానే గుమ్మం ఫొటో తీసి, వేదిక చాట్‌లో "మేం బుక్ చేసిన ఇల్లు ఇది కాదు" అని రాసి, సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి. "సరే, ఈ రాత్రికి ఉంటాం" అని చాట్‌లో రాస్తే ఒప్పుకున్నట్టే చదువుతారు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. హాల్లో ఒకటి కనబడితే, స్విచ్ ఆపేశామని చెప్పినా, అది ఫిర్యాదు చేయదగ్గదే. నేరుగా తీసుకున్న ఇంట్లో మిగతా అద్దె గేటు దగ్గర ఇవ్వకూడదు. గదులు లెక్కపెట్టి, కుళాయిలు, ఏసీలు వేసి చూశాకే ఇవ్వాలి.

ఇల్లే లేదని తేలితే మొదటి ఫోన్ బంధువులకో ఆ ప్రకటనదారుకో కాదు, 1930కి. అది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ నంబరు. డబ్బు ఇంకా దొంగ ఖాతాల్లో తిరుగుతుండగానే చెబితే అక్కడ నిలిపివేసే అవకాశం ఉంటుంది, ఏటీఎంలో తీసేశాక ఉండదు. యూపీఐ లావాదేవీలో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు, మొత్తం, తేదీ, సమయం, అవతలి యూపీఐ ఐడీ, మన బ్యాంకు పేరు చేతిలో ఉంచుకుని చేయాలి. నాలుగుసార్లు పంపి ఉంటే నాలుగు యూటీఆర్‌లూ చెప్పాలి. ఆ తర్వాత `cybercrime.gov.in`లో చాట్ స్క్రీన్‌షాట్లతో వివరాలు నింపాలి. అవతలివాడిని బ్లాక్ చేయడం, చాట్ చెరపడం అప్పటిదాకా ఆగాలి. ఇల్లు నిజమైనదే అయి, డిపాజిట్ దగ్గరో రిఫండ్ దగ్గరో పేచీ అయితే అది సైబర్ నేరం కాదు, దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఫిర్యాదు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో "మీ రిఫండ్ ప్రాసెస్ అయింది, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ వేయండి" అంటూ ఇంకెవరో ఫోన్ చేయొచ్చు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనిలేదు.